బిగిసిన తాడు, ఆగిన అడుగు

2001 నవంబరు 5, సోమవారం. సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. ముందు రాత్రి వాన పడి వెలిసింది. ఆకాశం తేటగా ఉంది. సముద్రం వైపు నుంచి గాలి ఒక మోస్తరుగా వీస్తోంది. పలాస శివార్లలో చూపులేని పిల్లల వసతి పాఠశాల ఆవరణలో, రెండు ఇనుప స్తంభాల మధ్య నలభై మీటర్ల నైలాన్ తాడును నడుము ఎత్తున బిగించి కట్టడం నేను ఆ నిమిషానికి పూర్తి చేశాను. లారీల మీద సరుకు బిగించే తాడు అది. ఎంత బిగించినా మర్నాటికి కొంత సడలుతుంది కనుక రోజూ పిల్లలు రాకముందే మళ్ళీ బిగించవలసి వచ్చేది.

నేను ఆ పాఠశాల ఉద్యోగిని కాను. దగ్గరలోని ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుణ్ణి. డిసెంబరు ఒకటో తేదీన టెక్కలి కళాశాల మైదానంలో వికలాంగ విద్యార్థులకు ఆటల పోటీలు పెడుతున్నారనీ, తమ పిల్లలకు పరుగు, విసురు నేర్పించమనీ ఆ పాఠశాల ప్రధానోపాధ్యాయులు కోరితే, సాయంత్రాలు వెళ్ళి నేర్పడానికి ఒప్పుకున్నాను. చూపున్న పిల్లలకు ఇరవై రెండేళ్ళుగా నేర్పుతున్నాను. చూపులేని వారికి నేర్పడం అదే మొదటిసారి. తెలియని పని కనుక ప్రతి కొలతా రాసుకుంటూ వెళ్ళాను.

తాడు పద్ధతి ఇదీ. తాడుకు ఒక ఇనుప కడియం తొడిగి ఉంటుంది. కడియానికి ఒక గుడ్డ పట్టీ. పిల్లవాడు ఆ పట్టీ పట్టుకుని తాడు పక్కన పరిగెడతాడు. కడియం తాడు మీద జారుతూ అతనితో వస్తుంది. తాడునే చేత్తో పట్టుకుంటే అరచెయ్యి ఒరుసుకుపోతుంది. చివర స్తంభం వస్తుందనే భయం లేకుండా, ఆఖరి అయిదు మీటర్ల తాడుకు పాతచీర గుడ్డ చుట్టాను. కడియం ఆ గుడ్డ మీదికి రాగానే జారడం తగ్గి బరువెక్కుతుంది. ఆ బరువు చేతికి తెలియగానే పరుగు తగ్గించాలి. అక్కడ నిలబడి నేను పిలుస్తూ ఉంటాను కూడా.

మొదటి రోజు ఏడుగురు పిల్లలు వరుసగా నిలబడ్డారు. వారిలో అందరికంటే ముందుకు వచ్చినది పధ్నాలుగేళ్ళ అమ్మాయి. మందస అవతల ఉద్దానం తీరగ్రామం ఆమెది. తండ్రికి కొంచెం కొబ్బరితోట ఉంది, ఇంటి పక్కన కొబ్బరిపీచుతో తాళ్ళు పేనే పాక ఉంది. పుట్టుకతోనే చూపు లేదు. ఎందుకు ముందుకు వచ్చావమ్మా అని అడిగితే ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"మా ఇంట్లో అందరూ పరిగెత్తినోలే మాస్టారూ. మా సిన్నోడు సైతం పరిగెడతాడు. నానొక్కదాన్నే నడిసినాను."

ఆమె పట్టీ పట్టుకుంది. నేను ఈల ఊదాను. మొదటి పది మీటర్లు నడిచింది. తరువాతి పది మీటర్లు వేగంగా నడిచింది. ఆ తరువాత రెండు పాదాలూ ఒకేసారి నేలను విడిచాయి. పరుగుకూ నడకకూ తేడా అదే. గుడ్డ చుట్టిన చోటికి వచ్చి ఆగి, వెనక్కి తిరిగి, మళ్ళీ పరిగెత్తాలని అడిగింది. ఆ సాయంత్రం ఆమె ఆ తాడు పక్కన తొమ్మిదిసార్లు పరిగెత్తింది. పదోసారికి చీకటి పడుతోందని నేను ఆపితే, చీకటితో తమకేమిటని మిగిలిన పిల్లలందరూ నా మీద నవ్వారు. ఆ మాటకు నేనూ నవ్వాను.

విసరడంలో మాకు ఎదురైన చిక్కు వేరు. గుండు విసరడానికి పిల్లవాడు వలయంలోకి వచ్చి, ముందరి కొయ్యను పాదంతో తడిమి చూసుకుని నిలబడతాడు. విసరవలసిన దిక్కున ఒకరు నిలబడి చప్పుడు చేస్తారు. ఆ చప్పుడును బట్టి అతను భుజాలు సరిచేసుకుంటాడు. చప్పుడు చేసినవారు పక్కకు తప్పుకుని, తప్పుకున్నామని చెప్పిన తరువాతే విసరాలి. అంతసేపూ తక్కినవారు నోరు మెదపకూడదు. చప్పుడు కోసం నేను మొదట చిన్న ఇత్తడి గంట వాడాను. మూడోరోజున పదహారేళ్ళ కుర్రాడొకడు గుండు ఎత్తి నిలబడ్డాడు. నేను గంట ఆపి పక్కకు తప్పుకున్నాను. సరిగ్గా అప్పుడే ప్రహరీ అవతల ఐసుబండి వచ్చి గంట కొట్టింది. కుర్రాడు నిమ్మళంగా అటు తిరిగి, మూడు కిలోల గుండును ఐసుబండి దిక్కుకు విసిరాడు. గుండు గోడకు రెండు మీటర్ల ఇవతల పడింది. గోడ అవతలి మనిషి తల ఎత్తి చూసి, ఐసు కావాలంటే పిలవచ్చు కదా బాబూ, రాళ్ళెందుకని అడిగాడు.

మర్నాటి నుంచి గంట మానేసి రెండు కొబ్బరిచిప్పలు కొట్టాను. ఆ చప్పుడు ఊళ్ళో ఏ బండీ చెయ్యదు. రైలు కూత వినబడితే మాత్రం అది ఆగేదాకా ఎవరూ విసరకూడదని నియమం పెట్టుకున్నాం. పలాసలో ఆ నియమం వల్ల చాలాసేపు ఊరికే నిలబడవలసి వచ్చేది. ఆ ఖాళీలో పిల్లలు ఆ రైలు విశాఖ వైపు పోతోందో బరంపురం వైపు పోతోందో చెవితో చెప్పి పందేలు కట్టుకునేవారు.

తాడు పక్కన పరుగు వారం రోజుల్లో కుదిరింది. అయితే టెక్కలి పోటీలో తాడు ఉండదు. వంద మీటర్ల పరుగు, పక్కన చూపున్న జోడీ. ఇద్దరి చేతులకూ మధ్య ఒక చిన్న తాడు, రెండు కొసలా రెండు ఉచ్చులు. పరిగెత్తే అమ్మాయి కుడిచెయ్యి, జోడీ ఎడమచెయ్యి ఒక్కటిగా ఊగాలి. అలా ఊగాలంటే లోపలి కాళ్ళు రెండూ ఒకేసారి పడాలి, బయటి కాళ్ళు రెండూ ఒకేసారి పడాలి. జోడీ లాగకూడదు, నెట్టకూడదు. గీత దాటేటప్పుడు పరిగెత్తే అమ్మాయే ముందు ఉండాలి. జోడీ ముందు దాటితే ఆ పరుగు లెక్కలోకి రాదు.

ఉద్దానం అమ్మాయికి జోడీగా మా ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి అమ్మాయిని ఎంచాను. డొంకూరు వైపు జాలరి కుటుంబం పిల్ల. కబడ్డీ ఆడుతుంది. పలాసలో హాస్టలులో ఉంటుంది. మొదటిరోజే ఇద్దరూ వదినా అంటే వదినా అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. ఒకరినొకరు వెక్కిరించుకోవడానికి ఆ వరుస వీలైనదని తరువాత తెలిసింది.

పన్నెండో తేదీన ఇద్దరినీ కలిపి నలభై మీటర్లు పరిగెత్తించాను. ఒంటరిగా తాడు పక్కన ఆ అమ్మాయికి తొమ్మిది సెకన్ల రెండు పదోవంతులు పట్టేది. జోడీతో పదకొండు సెకన్లు దాటింది. మొదటిరోజు కదా అనుకున్నాను. రెండోరోజూ అంతే. మూడోరోజూ అంతే. పరుగు బాగానే మొదలయ్యేది. పది పదిహేను అడుగులు పడ్డాక ఆమె ఉన్నట్టుండి నెమ్మదించేది. జోడీ ముందుకు పోయేది. మళ్ళీ కలిసేవారు, మళ్ళీ తెగేవారు.

జోడీ లాగుతోందని నేను అన్నాను. ఆ పిల్ల ఒప్పుకోలేదు.

"నాను లాగనేదు మాస్టారూ. ఇదే ఆగిపోతంది. గేదెకి తాడేసినట్టు ఉంది నాకు."

"నీకే గేదె పలుపు అలవాటు వదినా, అందుకే అలగ పట్టుకున్నావు" అని చూపులేని అమ్మాయి జవాబు చెప్పింది.

నేను పక్కలు మార్చి చూశాను. కుడిపక్క ఉన్న జోడీని ఎడమపక్కకు పెట్టాను. తేడా లేదు. తాడు పొడవు ఒక జానెడు పెంచాను. తేడా లేదు. మా పాఠశాల నుంచే ఇంకొక అమ్మాయిని తెచ్చి జోడీగా పెట్టాను. పదకొండు సెకన్ల ఒక పదోవంతు. అంటే దోషం జోడీది కాదు. పక్కది కాదు. పొడవుది కాదు. అంతవరకు అంకెలు నాకు నిశ్చయంగా చెప్పాయి. మరి దేనిదో చెప్పలేదు.

పదిహేడో తేదీన ప్రధానోపాధ్యాయులు మైదానానికి వచ్చి చూశారు. నిదానస్తుడు. పిల్లలంటే ప్రేమ. పోటీల వారికి పేర్లు ఇరవై నాలుగో తేదీలోగా పంపాలని, ఈ అమ్మాయి పేరు గుండుకు మాత్రం రాస్తానని, పరుగులో పడితే తల్లిదండ్రులకు ఏమి చెప్పగలమని అన్నారు. గుండులో ఆమె అప్పటికే నాలుగు మీటర్లు దాటుతోంది. అది మంచి మాటే. కాని ఆమె తల దించుకుని నిలబడి, నేల వైపు చెప్పింది.

"ఇసరడం నిలబడే సేత్తారు కద బాబూ. నాను పరిగెత్తాల."

ఇరవై నాలుగో తేదీ సాయంత్రానికి ఆమె జోడీతో వంద మీటర్లు ఆగకుండా పరిగెడితే పరుగుకు కూడా ఆమె పేరు రాయడానికి ఆయన ఒప్పుకున్నారు. మాకు ఏడు రోజులు ఉన్నాయి.

మర్నాడు ఆదివారం. పిల్లలను సముద్రపు ఒడ్డుకు తీసుకువెళ్ళాలని ముందే అనుకున్నాం. వసతి పాఠశాల ఆవరణలో వంద మీటర్ల నిడివి లేదు. పోటు తగ్గిన తరువాత తడి ఇసుక గట్టిగా, చదునుగా ఉంటుంది. పడినా దెబ్బ తగలదు. ఆ అమ్మాయి ఊరే తీరాన ఉన్నది కనుక అక్కడికే వెళ్ళాం. ఉదయం బస్సులో మందస దాకా, అక్కడి నుంచి ఆమె తండ్రి పంపిన ట్రాక్టరులో. ఏడుగురు పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు, కబడ్డీ పిల్ల, నేను. ట్రాక్టరు తొట్టిలో పిల్లలు దారి పొడుగునా వాసనలు చెప్పుకుంటూ వచ్చారు. ఇది జీడితోట, ఇది పనసచెట్టు, ఇది చేపలు ఎండేసిన చోటు అని. ఒక్కటీ తప్పు చెప్పలేదు.

ఒడ్డున పిల్లలను ఒక్కొక్కరిని జోడీతో పరిగెత్తించాను. కుడిచెవిలో సముద్రం ఉండాలి, అది ముందుకు వచ్చినట్టు వినబడితే వంకర పోతున్నావని గుర్తు అని చెప్పాను. వారికి అది వెంటనే పట్టుబడింది. గుండు విసిరే కుర్రాడు జోడీ చెయ్యి వదిలించుకుని, సముద్రాన్ని కుడిపక్కన పెట్టుకుని, చేతులు రెండూ చాచి అరుస్తూ చాలా దూరం పోయాడు. ఉపాధ్యాయులిద్దరూ అతని వెనక పరిగెత్తవలసి వచ్చింది. అతను ఆగిన తరువాత, ఎవరైనా తన వెనక వచ్చారా అని అడిగాడు. వచ్చినవారికి ఇంకా ఊపిరి ఆడడం లేదు.

మా అమ్మాయి మాత్రం జోడీతో పరిగెత్తి, అలవాటు ప్రకారం నెమ్మదించింది. ఇసుకలో ఇద్దరి అడుగులూ స్పష్టంగా పడ్డాయి. టేపు పెట్టి కొలిచాను. పధ్నాలుగో అడుగు దాకా ఇద్దరి అంగలూ సమానం. అక్కడి నుంచి ఆమె అంగ సగానికి పడిపోయింది. ఎందుకో ఇసుక కూడా చెప్పలేదు.

మధ్యాహ్నం ఆమె తండ్రి మమ్మల్ని తమ పాక దగ్గరకు పిలిచి బొండాలు కొట్టించాడు. పాకలో రాట్నం ఉంది. తాడు పేనే పని చూస్తారా అని అడిగాడు. తల్లి రాట్నం దగ్గర కూర్చుంది. అమ్మాయి ఒడినిండా పీచు పెట్టుకుని, కొస రాట్నానికి తగిలించి, వెనక్కి నడవడం మొదలుపెట్టింది. రాట్నం తిరుగుతుంటే పీచుకు పురి ఎక్కుతుంది. ఆమె వేళ్ళతో పీచు అందిస్తూ వెనక్కి పోతుంది. పాక దాటి, ఎండలోకి వచ్చి, కొబ్బరిచెట్ల వరుస మధ్య నుంచి చకచకా పోతోంది. ఎక్కడా తడబాటు లేదు. కబడ్డీ పిల్ల నోరు తెరిచి చూసింది.

"నా గుంట ఎనక్కి నడిసినంత బేగి మీరు ముందుకి నడవనేరు మాస్టారూ" అని తండ్రి కూతురిని చూసి నవ్వాడు.

నేను ఆమె పాదాలనే చూస్తున్నాను. కొంత దూరం పోయాక ఆమె పాదం గాలిలోనే ఆగింది. ఒక క్షణం నిలిచింది. మళ్ళీ కదిలింది. ఇంకొంత దూరం పోయాక మళ్ళీ అలాగే. ఆ ఆగడం నాకు తెలిసిన ఆగడమే. వారం రోజులుగా మైదానంలో చూస్తున్నదే.

దగ్గరకు వెళ్ళి, ఎందుకు ఆగావమ్మా అని అడిగాను. ఇంత తెలివితక్కువ ప్రశ్న ఎవరూ అడగలేదన్నట్టు ఆమె ముఖం పెట్టింది.

"తాడు బిగిసినాది కద మాస్టారూ. బిగిత్తే అడుగు ఆపాల. నేపోతే పురి తెగిపోద్ది."

"మరి మైదానంలో?"

ఆమె చేతిలోని పీచు నలుపుతూ నిలబడింది. తరువాత తనలో తానే నవ్వడం మొదలుపెట్టింది.

"అక్కడా బిగుత్తాది" అన్నది. "నాకు తెలీకండానే ఆగిపోతన్నాను."

ఆరేళ్ళ వయసు నుంచి ఆమె చేతికి ఆ పని అలవాటు. జోడీ కోసం నేను ఇచ్చిన తాడు కూడా కొబ్బరిపీచుదే. ఈ ప్రాంతంలో సన్నని తాడు అంటే అదే చేతికి దొరుకుతుంది కనుక మరొకటి నాకు తోచలేదు. పరుగులో ఇద్దరి మధ్యా రవంత ఎడమైతే తాడు బిగుస్తుంది. అది వేళ్ళకు తగలగానే ఆమె కాలు తనంతట తాను ఆగుతోంది. కడియం పట్టీతో పరిగెత్తినప్పుడు ఆ బిగువు లేదు. అందుకే తొమ్మిది సెకన్లు.

కబడ్డీ పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని, ఇన్నాళ్ళూ లాగుతున్నావని తనను మాస్టారి చేత తిట్టించిందని ఫిర్యాదు చేసింది. తండ్రి మాత్రం గర్వపడ్డాడు. తన కూతురి చేతిలో ఒక్క పురీ తెగలేదని, అది అందరికీ వచ్చే పని కాదని రెండుసార్లు చెప్పాడు. ఆయన మాట నిజమే. అందుచేత ఆ అలవాటును మాన్పించాలని నేను అనుకోలేదు. ఇంట్లో అది ఉండవలసిన అలవాటు. మైదానంలో చేతికి వేరే వస్తువు ఇవ్వాలి.

సోమవారం కాశీబుగ్గ బజారులో ఒక నూలు తువ్వాలు కొని, పొడవుగా చింపి, మడిచి కుట్టించి, రెండు కొసలా ఉచ్చులు వేయించాను. సాగని గుడ్డ. మెత్తగా, వెడల్పుగా ఉంటుంది. పీచు గరుకు లేదు. ఇది తాడు కాదని ఆమె చేతికి తెలియాలి. తరువాత ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, గుడ్డ బిగించి నడిపించాను. బిగిసినప్పుడల్లా జోడీ "పద" అనాలి, ఆమె అంగ పెంచాలి. మొదట నడకలో. తరువాత మెల్లని పరుగులో. రెండు రోజులు మేము వేరే పని చెయ్యలేదు.

మంగళవారం గుడ్డ బిగిసినప్పుడు ఆమె పదిసార్లలో ఆరుసార్లు ఆగింది. బుధవారం రెండుసార్లు. గురువారం ఒక్కసారీ ఆగలేదు. నలభై మీటర్లు తొమ్మిది సెకన్ల ఒక పదోవంతు.

ఇరవై నాలుగో తేదీ, శనివారం, మా ఉన్నత పాఠశాల మైదానంలో వంద మీటర్లు కొలిచి సున్నంతో గీతలు గీశాను. ప్రధానోపాధ్యాయులు గీత చివర నిలబడ్డారు. ఇద్దరూ ఆగకుండా వచ్చారు. కాని కబడ్డీ పిల్ల గీత దగ్గర అలవాటు కొద్దీ ఒళ్ళు ముందుకు విసిరి ముందుగా దాటింది. కూత పెట్టి గీత తాకి రావడం దానికి తెలిసిన ఆట మరి. ప్రధానోపాధ్యాయులు పేరు రాశారు. అయితే తరువాతి వారం రోజులూ నేను ఆ పిల్లకు ఒక్కటే పాఠం చెప్పాను. ఆఖరి పది మీటర్లలో అర అడుగు వెనక ఉండాలని. తలకెక్కిందో లేదో తెలియలేదు.

డిసెంబరు ఒకటి, శనివారం, టెక్కలి. ఉదయం మంచు పట్టింది. తొమ్మిదిన్నరకు విడిచింది. ఎండ పలచగా ఉంది. గాలి లేదు. గుండు పోటీలో మా కుర్రాడు మొదటి స్థానం తెచ్చుకున్నాడు. అక్కడ ఐసుబండి ఒకటి గేటు దగ్గర ఉన్నదని తెలిసి, పోటీ అయ్యేదాకా దాని గంట కట్టిపెట్టమని బతిమాలి వచ్చాను. బండివాడు మంచివాడు, గంటకు జేబురుమాలు చుట్టాడు.

పదకొండు గంటల ఇరవై నిమిషాలకు బాలికల వంద మీటర్లు. చూపు బొత్తిగా లేనివారి తరగతి. ఎవరికైనా వెలుతురు తెలిస్తే తేడా రాకుండా అందరి కళ్ళకూ నల్లగుడ్డలు కట్టారు. నాలుగు జోడీలు. జోడీకి రెండేసి దారులు, అంటే మొత్తం ఎనిమిది దారులు. మావాళ్ళు మూడోజోడీ. తండ్రి తెల్లవారుజామున బయలుదేరి వచ్చి గీత అవతల నిలబడ్డాడు. మైదానం నిశ్శబ్దంగా ఉండాలని మైకులో చెప్పారు.

తుపాకీ పేలింది. ఇరవై మీటర్ల దగ్గర మావాళ్ళు మూడోస్థానం. యాభై దగ్గర రెండో స్థానం. లోపలి కాళ్ళు రెండూ ఒక్కటిగా పడుతున్నాయి. చేతులు ఒక్కటిగా ఊగుతున్నాయి. నేను పక్కన గడియారం పట్టుకుని చూస్తున్నాను. డెబ్బై మీటర్లు దాటాక జోడీ పిల్ల పాదం ఏదో గుంటలో పడి ఆమె తూలింది. పడలేదు. ఒక అంగ పోయింది. ఇద్దరి మధ్యా గుడ్డ తిన్నగా బిగిసిపోయింది.

మా అమ్మాయి ఆగలేదు. అంగ పెంచింది. వెనకపడిన జోడీ చేతిని తనతో లాక్కుని పోయింది. జోడీ తేరుకుని పరిగెత్తింది కాని ఆమె పక్కకు మళ్ళీ చేరలేకపోయింది. ఆఖరి పది మీటర్లూ చూపులేని అమ్మాయి ముందు, చూపున్న అమ్మాయి అర అడుగు వెనక. సరిగ్గా అలాగే గీత దాటారు.

గీత దాటిన తరువాత కూడా ఆమె ఆగదలుచుకోలేదు. జోడీ "వదినా, సాలు, సాలు" అంటూ ఇంకా పదిహేను మీటర్లు వెంట పోయింది. చివరకు ఇద్దరూ గడ్డి మీద కూలబడ్డారు. నేను వెళ్ళేసరికి జోడీ అరచెయ్యి రుద్దుకుంటోంది.

"సెయ్యి ఊడదీసినావే వదినా. నాను నీకు దారి సూపించాలా, నువ్వు నన్ను ఈడ్సుకెల్లాలా?"

"నువ్వే ఎనకుండిపోనావు. మాస్టారు అర అడుగే ఉండమన్నారు. మరీ ఉండిపోనావు."

తండ్రి మైదానం చుట్టూ కట్టిన తాడు దాటి లోపలికి వచ్చాడు. కూతురి కళ్ళ మీది నల్లగుడ్డ విప్పాడు. ఆమె తండ్రి చెయ్యి పట్టుకుని, తన చిన్న తమ్ముడు ఎంత వేగంగా పరిగెడతాడని అడిగింది. నీకంటే మెల్లిగానే అని ఆయన చెప్పాడు. ఆ జవాబుకు కొలత లేదు. అయినా నేను అభ్యంతరం చెప్పలేదు.

ఫలితాలు మధ్యాహ్నం ఒంటిగంటకు చదివారు. బాలికల వంద మీటర్లలో మా అమ్మాయికి పందొమ్మిది సెకన్ల నాలుగు పదోవంతులు, రెండో స్థానం. గుండులో ఆమెకు నాలుగు మీటర్ల ముప్పై సెంటీమీటర్లు, నాలుగో స్థానం. ఆ రోజు వసతి పాఠశాల నుంచి వెళ్ళిన పిల్లలు ఏడుగురు. పాల్గొన్న పోటీలు పదకొండు. మొత్తం పతకాలు నాలుగు, వాటిలో పరుగుకు వచ్చింది ఒకటి.